చివరి 20 సెకన్లలో ఎవరు వెళ్లిపోతున్నారు? మా వీడియోల ముగింపు నిడివిని ఎలా తేల్చుకున్నామంటే...

మా అక్క గుంటూరులో జాకెట్లు కుడుతుంది, కుట్టడం నేర్పుతుంది. ఆమె చెప్పే పాఠాలను చిత్రీకరించి, ఎడిట్ చేసి యూట్యూబ్‌లో పెట్టే పని నాది. ఛానల్ మొదలైనప్పటి నుంచీ ప్రతి వీడియో చివరా ఒకే ముగింపు ఉండేది. అక్క చేతులు జోడించి, "ఇదండీ ఈరోజు వీడియో, నచ్చితే లైక్ చేయండి, మీ వాళ్లకు పంపండి, మళ్లీ ఇంకో వీడియోలో కలుద్దాం, నమస్కారం" అనేది. ఆ వెంటనే సంగీతం వచ్చేది. దాని వెనుక నేను తయారుచేసిన రంగుల తెర, అందులో తర్వాతి వీడియోకు ఒక పెట్టె, సబ్‌స్క్రైబ్ గుండ్రం కనిపించేవి. అంతా కలిపి 20 సెకన్లు. యూట్యూబ్ ఎండ్ స్క్రీన్‌కు ఇచ్చే గరిష్ఠ సమయం అదే. కనిష్ఠం 5 సెకన్లు. ఎక్కువ సమయం ఇస్తున్నారు కదా అని మొత్తం వాడుకున్నాం.

ఆ నిడివి సరైనదేనా అన్న ప్రశ్న మెడ పైపింగ్ వీడియోతో వచ్చింది. మెడ పైపింగ్ చూసినవాళ్లకు సహజంగా అవసరమయ్యేది చేతులు అతికించడం. దాన్నే చివర పెట్టెలో పెట్టాం. పైపింగ్ వీడియోను బాగానే చూశారు, కానీ అక్కడి నుంచి చేతుల వీడియోకు వెళ్లినవాళ్లు చాలా తక్కువ. మరోవైపు "చేతులు ఎలా అతికించాలో కూడా చూపించండి అక్కా" అని అదే వీడియో కింద అడుగుతున్నారు. కావలసిన వీడియో కళ్లముందే ఉన్నా వాళ్లకు కనిపించడం లేదన్నమాట.

యూట్యూబ్ స్టూడియోలో, ఏ క్షణానికి ఎంత శాతం మంది ఇంకా చూస్తున్నారో చూపించే ఆడియన్స్ రిటెన్షన్ గ్రాఫ్ తెరిస్తే గీత చివర్లో కొండ అంచు నుంచి దూకినట్టు కిందికి పడిపోతుంది. ఏ వీడియో తీసుకున్నా ఇంతే. చివరి దాకా కూర్చుని చూసేవాళ్లు ఎక్కడైనా తక్కువే కాబట్టి ఆ పతనాన్ని చూసి కంగారు పడనవసరం లేదు. తెలుసుకోవలసింది ఒక్కటే: పతనం సరిగ్గా ఏ క్షణాన మొదలవుతోంది? ఎండ్ స్క్రీన్ వచ్చాకా, రాకముందేనా? చిన్న గ్రాఫ్ మీద వేలు పెట్టి కదిపితే అది తేలదు. అందుకే అంకెలనే బయటికి తీశాను. ఛానల్ లెక్కలను నేరుగా అడిగి తీసుకునే దారి యూట్యూబ్ అనలిటిక్స్ ఏపీఐ. దానికి ఉన్న సహాయ పేజీలోనే ప్రశ్న నింపి నడిపించే పెట్టె ఉంటుంది. ప్రోగ్రామింగ్ రాకపోయినా, ఛానల్ ఉన్న ఖాతాతో లాగిన్ అయి ఈ ఆరు గళ్లు నింపితే చాలు:

```
ids=channel==MINE
startDate=2024-01-01
endDate=2024-12-31
dimensions=elapsedVideoTimeRatio
metrics=audienceWatchRatio
filters=video==VIDEO_ID
```

VIDEO_ID ఉన్నచోట వీడియో లింకు చివర కనిపించే అక్షరాలు పెట్టాలి, తేదీలు మన వీడియోకు తగ్గట్టు మార్చుకోవాలి. జవాబుగా 0.01 నుంచి 1.0 వరకు 100 వరుసలు వస్తాయి. వీడియో ఎంత పొడవున్నా వరుసలు 100 మాత్రమే. ముగింపును చదవాలనుకునేవాళ్లు ముందుగా గుర్తుపెట్టుకోవలసిన విషయం ఇదే. 500 సెకన్ల వీడియోలో ఒక్కో వరుస 5 సెకన్లకు సమానం, అంటే చివరి 20 సెకన్లు నాలుగు వరుసల్లో కనిపిస్తాయి. అదే 25 నిమిషాల వీడియో అయితే ఒక్కో వరుస 15 సెకన్లు. చివరి 20 సెకన్లు ఒకటిన్నర వరుసలో ఇరుక్కుపోతాయి, అందులో ఏం జరిగిందో ఎవరూ చెప్పలేరు. కాబట్టి ముగింపు గురించి నిర్ణయాలు తీసుకోవడానికి 10 నిమిషాల లోపు వీడియోలనే ఎంచుకున్నాను. పైపింగ్ వీడియో నిడివి సరిగ్గా 8 నిమిషాల 20 సెకన్లు కావడం కలిసొచ్చింది.

చివరి 20 సెకన్లు మాత్రమే కాకుండా చివరి 40 సెకన్లు తీసుకున్నాను. పతనానికి ముందు గీత ఎలా ఉందో తెలియకపోతే పతనం ఎక్కడ మొదలైందో తెలియదు. 7:40 నుంచి 7:50 వరకు 31 శాతం మంది ఉన్నారు. 7:50 తర్వాతి ఐదు సెకన్లలో 30. 7:55 నుంచి 8:00 వరకు 25. అక్కడి నుంచి ఐదేసి సెకన్లకు 18, 13, 10, చివరికి 8. ఎండ్ స్క్రీన్ మొదలయ్యేది 8:00 దగ్గర. అంటే పెట్టె తెరమీదికి రాకముందే గీత 30 నుంచి 25కు దిగింది.

ఈ అంకెల్ని మరోలా కూడా చదవాలి. 25 నుంచి 18కి పడితే ఏడు పాయింట్లు తగ్గాయి, 10 నుంచి 8కి పడితే రెండే కదా అనిపిస్తుంది. కానీ చివర్లో ఉన్నవాళ్లే తక్కువ. అప్పటికి మిగిలినవాళ్లలో ఎంతమంది వెళ్లిపోయారన్నది చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. అలా లెక్కేస్తే 7:55కు ముందు ఐదు సెకన్లకు ప్రతి వందమందిలో ముగ్గురు వెళ్తున్నారు. 7:55 తర్వాతి ఐదు సెకన్లలో వందకు 17 మంది. ఆ తర్వాత 28, మళ్లీ 28, తర్వాత 23, చివర 20. అంటే 7:55కూ 8:05కూ మధ్య ఏదో తలుపు తెరుచుకుంది. ఆ తర్వాత వెళ్లేవాళ్ల జోరు పెరగలేదు, కాస్త తగ్గింది కూడా.

ఆ తలుపు ఏమిటో తెలుసుకోవడానికి వీడియోను 7:50 నుంచి ఫోనులో, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూశాను. 7:56 వరకు అక్క గొంతు పాఠం చెప్పే గొంతు. పైపింగ్ మడతను ఇస్త్రీ చేస్తూ, "ఇక్కడ లాగకూడదు, పైనుంచి అద్దాలి" అంటోంది. 7:57కు కత్తెర బల్ల మీద పెట్టి, తలెత్తి కెమెరా వైపు చూసి, "ఇదండీ..." అంది. ఆ ఒక్క మాట చాలు. కత్తెర బల్ల మీద పడిన చప్పుడు, గొంతులో మారిన స్వరం, "ఇదండీ" అనే పదం, ఈ మూడూ కలిసి పాఠం అయిపోయిందని చెప్పేశాయి. నేర్చుకోవడానికి వచ్చినవాళ్లకు అంతకంటే స్పష్టమైన సెలవు ఏముంటుంది? వాళ్లు లేచి వెళ్లిపోయారు. మేము పెట్టిన పెట్టె మూడు సెకన్ల తర్వాత వచ్చింది.

మిగతా వీడియోల్లో కూడా ఇదే చూశాను. ఒక్కో వీడియోలో చివరి వరకు ఉండేవాళ్లు కొన్ని వందల మందే, ఒక్క వీడియోను నమ్ముకుంటే ఇద్దరు ముగ్గురు అటూ ఇటూ అయినా శాతం మారిపోతుంది. అందుకని ప్రతి వీడియోలో అక్క "ఇదండీ" అనే క్షణాన్ని రాసుకుని, దానికి ఎన్ని సెకన్ల ముందు, ఎన్ని సెకన్ల తర్వాత అన్న లెక్కన వీడియోలన్నిటినీ పక్కపక్కన పెట్టాను. వీడియో శాతాల ప్రకారం పెడితే పోలిక కుదరదు, ఎందుకంటే 5 నిమిషాల వీడియోలో 95 శాతం దగ్గర జరిగేది వేరు, 10 నిమిషాల వీడియోలో అదే 95 శాతం దగ్గర జరిగేది వేరు. సెకన్ల ప్రకారం పెట్టాక సందేహం తీరిపోయింది. వెళ్లడం ఎండ్ స్క్రీన్‌తో మొదలు కావడం లేదు, సెలవు మాటతో మొదలవుతోంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఎండ్ స్క్రీన్ పెట్టెను నొక్కి మా మరో వీడియోకు వెళ్లినవాళ్లు కూడా ఈ గ్రాఫ్‌లో వెళ్లిపోయినవాళ్లుగానే కనిపిస్తారు. గీతకు ఆ తేడా తెలియదు. కాబట్టి గీత పడిందంటే నష్టమనీ, నిలబడిందంటే లాభమనీ అనుకోకూడదు. ఎండ్ స్క్రీన్ బాగా పనిచేసే వీడియోలో గీత ఇంకా నిటారుగా పడవచ్చు. ఈ రెండు రకాల వెళ్లిపోవడాలను విడదీయాలంటే నొక్కుల లెక్కను పక్కన పెట్టుకోవాలి.

ఆ లెక్క స్టూడియోలో అడ్వాన్స్‌డ్ మోడ్‌లో దొరుకుతుంది. ఎండ్ స్క్రీన్ పెట్టెలు ఎన్నిసార్లు కనిపించాయి, ఎన్నిసార్లు నొక్కారు అని రెండు అంకెలుంటాయి. పైపింగ్ వీడియోకు అప్పటికి 4,000 వీక్షణలు. పెట్టెలు కనిపించింది సుమారు 1,650 సార్లు, నొక్కింది 33 సార్లు. యూట్యూబ్ చూపించే రేటు 2 శాతం. ఆ 2 శాతాన్ని జాగ్రత్తగా చదవాలి. తెరమీద రెండు పెట్టెలుంటే ఒక మనిషి ముందు రెండుసార్లు కనిపించినట్టే లెక్క. నాలుగు పెట్టెలు పెడితే, నొక్కేవాళ్లు అంతే ఉన్నా రేటు సగానికి పడిపోతుంది. అందుకే నేను ఆ రేటును వదిలేసి, ఎండ్ స్క్రీన్ మొదలైనప్పుడు ఉన్నవాళ్లలో ఎంతమంది నొక్కారన్నదే చూస్తాను. 1,650లో సగం, అంటే సుమారు 825 మంది అప్పటికి ఉన్నారు. గీతతో సరిచూస్తే 4,000లో 25, 18 శాతాల మధ్య, అంటే 850 చుట్టుపక్కల రావాలి. రెండు లెక్కలూ దగ్గరగానే ఉన్నాయి. 825 మందిలో 33, అంటే వందకు నలుగురు. ఆ 20 సెకన్లలో సుమారు 500 మంది వెళ్లారు, వాళ్లలో మా మాట విని వెళ్లింది 33 మంది. అంతకుముందే 7:55కూ 8:00కూ మధ్య, పెట్టె కళ్ల పడకుండానే వెళ్లినవాళ్లు మూడు వందల పైచిలుకు.

ఈ శాతాలను మనుషులుగా మార్చేటప్పుడు కాస్త ఉదారంగా ఉండాలి. వెనక్కి జరిపి మళ్లీ చూసినా అది గీతలో కలుస్తుంది. పైగా కుట్టు వీడియోలు చూసేవాళ్లలో చాలామంది ఫోనును మిషన్‌కు ఆనించి పెట్టి, చూస్తూ కుడుతుంటారు. చేతిలో బట్ట, కాలి కింద పెడల్. వీడియో అయిపోయినా ఫోను ముట్టుకోరు. చివరి సెకను దాకా మిగిలిన 8 శాతంలో అలాంటివాళ్లు ఎక్కువ ఉంటారని నా అంచనా. వాళ్లు ఎండ్ స్క్రీన్‌ను చూస్తున్నట్టు లెక్క కట్టకూడదు. వాళ్లకు ఉపయోగపడేది ప్లేలిస్టు. ప్లేలిస్టులోంచి చూస్తుంటే తర్వాతి పాఠం ఏమీ నొక్కకుండానే మొదలవుతుంది. అందుకే వీడియో వివరణలో, మొదటి కామెంట్‌లో మామూలు లింకులకు బదులు ప్లేలిస్టు లింకులు ఇవ్వడం మొదలుపెట్టాం.

అసలు మార్పు సెలవు మాటను తీసేయడం. అక్క వెంటనే ఒప్పుకోలేదు. "ఇంటికొచ్చినవాళ్లను గుమ్మం దాకా సాగనంపకుండా తలుపేసుకుంటామా? నమస్కారం చెప్పకుండా ఎలా ఆపేస్తాను?" అంది. ఆమె మాటలో న్యాయం ఉంది. పాఠం నచ్చి చివరి దాకా ఉన్నవాళ్లకు ఆ నమస్కారం ఇష్టం, కామెంట్లలో తిరిగి నమస్కారం పెట్టేవాళ్లున్నారు. నేను చెప్పిందల్లా, "నమస్కారం ఉండాలి అక్కా, కానీ అన్నిటికంటే ఆఖరున ఉండాలి. దాని తర్వాత చెప్పేదేమీ మిగలకూడదు" అని. అది ఆమెకు నచ్చింది.

అలా క్రమం తిరగేశాం. ఇప్పుడు ఇస్త్రీ పూర్తయ్యే చోట గొంతు మార్చకుండా, తల ఎత్తకుండా అక్క ఇలా అంటుంది: "మెడ అయింది. ఇప్పుడు చేతులు అతికించేటప్పుడు ఈ పైపింగ్ లాగేస్తే మెడ ముడతలు పడుతుంది. అలా పడకుండా భుజం దగ్గర ఎక్కడ పట్టుకోవాలో ఈ పక్కనున్న వీడియోలో చూపించాను." పాఠంలో ఒక చిక్కు మిగిలి ఉంది, దాని విడుపు పక్క వీడియోలో ఉంది. ఇది బలవంతంగా అతికించిన ప్రకటన కాదు. పైపింగ్ కుట్టినవాళ్లందరికీ తర్వాతి అరగంటలో ఎదురయ్యే ఇబ్బందే అది. ఆమె "ఈ పక్కనున్న" అనే క్షణానికి పెట్టె తెరమీదికి వస్తుంది. ఆ తర్వాత పూర్తయిన జాకెట్టు బొమ్మ మీద కనిపిస్తుంది, ఆఖరి రెండు సెకన్లలో నమస్కారం.

రంగుల తెర, సంగీతం రెండూ పోయాయి. రంగుల తెర వచ్చిందంటే కార్యక్రమం అయిపోయిందని అందరికీ చిన్నప్పటి నుంచీ అలవాటు. దాని బదులు జాకెట్టు వేసిన బొమ్మనే చిత్రీకరిస్తున్నాం, అయితే ఫ్రేమును ముందే ఆలోచించుకుని. బొమ్మ ఎడమ పక్క మూడో వంతులో, కుడి పక్కంతా ఖాళీ గోడ. పెట్టె ఆ ఖాళీలో కూర్చుంటుంది. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ ఫోనును నిలువుగా పట్టుకుని చూస్తున్నప్పుడు వీడియో అరచేతిలో సగం ఉంటుంది. అందులో పెట్టె జాకెట్టు మెడ మీద పడితే అటు మెడా కనిపించదు, ఇటు పెట్టెలో ఏముందో చదవబుద్ధీ కాదు. షూటింగ్ రోజునే గోడ ఖాళీగా ఉంచకపోతే ఎడిటింగ్‌లో చేయగలిగిందేమీ లేదు.

ఇక నిడివి. దీన్ని రెండు వైపుల నుంచి కట్టడి చేయాలి. కింది హద్దు మాటల వల్ల వస్తుంది. పెట్టెను చూపించే వాక్యంలో మిగిలిన భాగానికి మూడు సెకన్లు, చూసినవాళ్లు అది తమకు కావాలో లేదో తేల్చుకుని వేలు తీసుకెళ్లడానికి మూడు నాలుగు సెకన్లు. నమస్కారం రెండు సెకన్లు. ఎంత బిగించినా ఎనిమిది తొమ్మిది సెకన్ల కంటే తగ్గడం లేదు. దీనికి తోడు, కుట్టు తెలిసినవాళ్లు చాలామంది 1.5 వేగంతో చూస్తారు. వాళ్లకు 12 సెకన్లు 8 సెకన్లుగా, 5 సెకన్లు మూడుకు కాస్త పైగా గడిచిపోతాయి. కనిష్ఠంగా 5 సెకన్లు అనుమతించారు కదా అని అంతే పెడితే, వేగంగా చూసేవాళ్లకు పెట్టె మెరుపులా వచ్చి పోతుంది.

పై హద్దు ఏమిటన్నది చూసి తెలుసుకోవలసిందే. సెలవు మాట తీసేయడం, నిడివి తగ్గించడం రెండూ ఒకేసారి చేసి, ఫలితం బాగుందని సంతోషిస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు. అందుకని కొన్ని పాఠాల్లో సెలవు మాట లేకుండా, నిడివి మాత్రం 20 సెకన్లే ఉంచాం. కొన్నింటిలో 12, కొన్నింటిలో 7. అన్నీ ఒకే రకం పాఠాలు, అన్నింట్లోనూ రెండే పెట్టెలు, మొదటి పెట్టె ఎప్పుడూ పాఠానికి సహజంగా తర్వాత వచ్చే వీడియో. పెట్టెల సంఖ్య మారితే పోలిక చెడిపోతుంది. ప్రతి వీడియోకూ కొన్ని వారాలు గడిచాకే అంకెలు తీశాను. మొదటి రెండు మూడు రోజుల్లో వచ్చేది మన పాత చందాదారులు. వాళ్లు అక్క కోసం వస్తారు, చివరి దాకా ఉంటారు. తర్వాత వెతుక్కుంటూ వచ్చేవాళ్లు తమ పని అవగానే వెళ్తారు. ఒక వీడియో తొలి వారాన్ని మరో వీడియో ఆరు నెలలతో పోలిస్తే ముగింపు గురించి కాకుండా జనం గురించి తెలుస్తుంది.

ముందుగా 12 సెకన్ల వీడియో ఒకటి చూపిస్తాను. అస్తరు జాకెట్టుకు చేతులు అతికించే పాఠం, 9 నిమిషాల 10 సెకన్లు, ఒక్కో వరుస 5.5 సెకన్లు. ఎండ్ స్క్రీన్‌కు ముందు వరుసలో 29 శాతం ఉన్నారు, మొదలైనప్పుడు 27, చివర 16. అంతకుముందు పైపింగ్ వీడియోలో పెట్టె కళ్ల పడేలోగా ఉన్నవాళ్లలో నాలుగో వంతుకు పైగా వెళ్లిపోయారు. ఇక్కడ పదిహేను మందిలో ఒకరు వెళ్లారు. 3,800 వీక్షణల్లో ఎండ్ స్క్రీన్ వచ్చినప్పుడు ఉన్నవాళ్లు సుమారు 1,030 మంది, నొక్కినవాళ్లు 72. వందకు ఏడుగురు. ఏడు గొప్ప సంఖ్య కాదు. కానీ ఇంతకుముందు నాలుగు, పైగా అప్పుడు మిగిలినవాళ్లే తక్కువ.

20 సెకన్లు ఉంచిన వీడియోల్లో కూడా నొక్కేవాళ్లు దాదాపు అంతే, వందకు ఏడుగురు. ఎప్పుడు నొక్కారో స్టూడియో సెకన్ల వారీగా చెప్పదు కానీ, ఎనిమిది సెకన్లు పెంచినా నొక్కులు పెరగలేదంటే నొక్కేవాళ్లు ముందే నొక్కేశారనే అర్థం. ఆ అదనపు సమయంలో గీత నెమ్మదిగా జారుతూ పోయింది తప్ప మాకు ఏమీ రాలేదు. 7 సెకన్ల వీడియోల్లో చివరి శాతం చాలా అందంగా కనిపించింది, 27తో మొదలై 21 దగ్గర ఆగింది. గీత మాత్రమే చూసేవాళ్లు ఇదే మంచిదంటారు. కానీ నొక్కినవాళ్లు వందకు ముగ్గురు నలుగురే. వెళ్లడానికి సమయం లేక ఉండిపోయినవాళ్లు వాళ్లు, నొక్కడానికీ సమయం లేకపోయింది. గీత నిలబడడం ఒక్కటే కొలమానం కాదని నాకు ఖాయంగా తెలిసింది ఇక్కడే.

అలా పాఠాలకు 12 సెకన్లు స్థిరపడ్డాయి. హుక్కు కుట్టడం, కాజా వేయడం వంటి ఒకటి రెండు నిమిషాల చిట్కాలకు 8 చాలు, ఎందుకంటే అక్కడ అక్క చెప్పే వాక్యం కూడా చిన్నదే. 20 సెకన్లు ఇప్పటికీ ఒక్క సందర్భంలో వాడతాం. జాకెట్టు పూర్తిగా కుట్టే వీడియోల్లో చివర దాన్ని తిరగేసి లోపలి కుట్లు, అంచులు, మెడ చుట్టూ పైపింగ్ దగ్గరగా చూపిస్తుంది. అది చూడడానికే చాలామంది ముందుకు జరుపుకుని వస్తారు, గీత చివర్లో పైకి లేస్తుంది కూడా. అక్కడ పాఠం అయిపోలేదు, దాని పక్కన పెట్టె ఉంటుంది అంతే. పాఠం సాగుతున్నంతసేపూ ఎండ్ స్క్రీన్ ఎంత ఉన్నా భారం కాదు.

అలా గీత పైకి లేచే చోటు మా కటింగ్ వీడియోల్లో కూడా ఉంది, అది మాత్రం ఇబ్బంది పెట్టింది. కటింగ్ పాఠాల చివర కొలతల పట్టిక చూపించేవాళ్లం: పొడవు, ఛాతీ, నడుము, భుజం, చంక, చేతి పొడవు, చేతి వెడల్పు. జనం అక్కడ ఆపి స్క్రీన్‌షాట్ తీసుకుంటారు, మళ్లీ వెనక్కి జరిపి చూస్తారు. పట్టిక చివరి 20 సెకన్లలో ఉండడంతో పెట్టె సరిగ్గా చంక, చేతి కొలతల మీద కూర్చునేది. "చంక కొలత కనిపించడం లేదు, పెట్టె అడ్డం వస్తోంది" అని కామెంట్లు వచ్చాయి. ఆ వీడియోల్లో చివర్న గీత నిలబడడాన్ని చూసి ముగింపు బాగుందనుకుంటే పొరపాటు. ముగింపు బాగుండి కాదు, కొలతలు చదవలేక అవస్థ పడుతూ ఉన్నారు. ఇప్పుడు పట్టికను ఎండ్ స్క్రీన్‌కు కనీసం 10 సెకన్ల ముందే పూర్తి చేస్తున్నాం. చివర్లో గీత లేచినా, ఆగినా ఆ సెకన్లలో తెరమీద ఏముందో చూడకుండా అంకెకు అర్థం చెప్పకూడదు.

పాత వీడియోలను మళ్లీ ఎక్కించనవసరం లేకుండా చాలావరకు సరిచేసుకోవచ్చు. పెట్టెలు ఏ సెకనులో మొదలవ్వాలో స్టూడియోలో ఎప్పుడైనా మార్చుకోవచ్చు, ఒక్కో పెట్టెను వేర్వేరు క్షణాల్లో కూడా మొదలుపెట్టవచ్చు. ముగింపునే కోసేయాలంటే అక్కడే ఎడిటర్‌లో ట్రిమ్ ఉంది. లింకు, వీక్షణలు, కామెంట్లు అలాగే ఉంటాయి. సవరించిన వీడియో సిద్ధం కావడానికి కొంత సమయం పడుతుంది, ఆలోగా పాతదే కనిపిస్తుంది. కోసిన తర్వాత ఎండ్ స్క్రీన్‌ను తప్పకుండా తెరిచి చూసుకోవాలి, ఎందుకంటే చివరి సెకన్లు మారిపోయాయి కాబట్టి పెట్టె మాటకు సరిపోకపోవచ్చు. రిటెన్షన్ అంకెలు కూడా కోతకు ముందువీ తర్వాతవీ కలిసిపోకుండా, startDate కోసిన రోజు తర్వాతి తేదీకి పెట్టి తీస్తున్నాను.

పైపింగ్ వీడియోను అలాగే చేశాం. 7:57 దగ్గర "ఇదండీ" నుంచి చివరి దాకా కోసేశాను. పెట్టె ఇప్పుడు 7:45కు, అక్క ఇస్త్రీ చేస్తుండగానే, ఆమె చేతికి దూరంగా కుడివైపు పై మూలన వస్తుంది. అందులో చేతుల వీడియోను చూపించే మాటలు లేవు, అప్పట్లో అవి చెప్పించలేదు కదా. అయినా పాత ముగింపు కంటే ఎక్కువమందే నొక్కుతున్నారు. కత్తెర బల్ల మీద పెట్టకముందే పెట్టె కనిపిస్తోంది. అక్క మాత్రం ఆ వీడియోలో నమస్కారం లేకపోవడం బాగాలేదంది. అందుకని మొదటి కామెంట్‌లో ఆమె పేరుతో ఒక నమస్కారం రాసి, పైన పిన్ చేసి, దాని కిందే చేతుల పాఠం ప్లేలిస్టు లింకు పెట్టాను.